ఒక చెవికి పాట, రెండో చెవికి గుసగుస

వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ జతలో ఒకటి మూగబోతే ముందుగా అనుమానం లోపలి సర్క్యూట్ మీదకు పోతుంది. రిపేరు షాపులో అడిగితే, "ఇవి విప్పేవి కావండీ, కొత్తవి తీసుకోండి" అంటారు. విప్పేవి కావన్నది చాలావరకు నిజమే. బడ్ చిప్పలు రెండూ గమ్‌తో అంటించి ఉంటాయి. కానీ విప్పాల్సినంత జబ్బు వచ్చేది తక్కువసార్లు. సౌండు తగ్గిన బడ్‌కి సాధారణంగా అడ్డుపడేది మన చెవి గులిమి. అసలు పలకని బడ్‌కి సాధారణంగా అందనిది ఛార్జింగు. రెండూ పైపైన ఉండే జబ్బులే. ఏది ఏదో తేల్చుకోకుండా సూదీ స్పిరిటూ పట్టుకుని దిగితే మాత్రం, బాగుపడాల్సిన బడ్ కాస్తా నిజంగానే పోతుంది.

ముందు సౌండు తగ్గిన బడ్ సంగతి చూద్దాం. తప్పు బడ్‌లోనే ఉందా, ఫోన్‌లో ఉందా, చెవిలో ఉందా అన్నది పైసా ఖర్చు లేకుండా తేలుతుంది. ఫోన్ సెట్టింగ్స్ పైన ఉండే వెతుకుపెట్టెలో `balance` అని కొట్టండి. ఎడమ, కుడి శబ్దాల వాటా చూపించే ఒక గీత, దాని మీద ఒక చుక్క కనిపిస్తాయి. ఐఫోన్‌లో ఇది `Accessibility` లో `Audio & Visual` కింద ఉంటుంది. ఆ చుక్క సరిగ్గా మధ్యలో ఉండాలి. పిల్లల చేతిలో పడిన ఫోన్లలో అది ఒక పక్కకు జరిగిపోయి ఉండటం అరుదేమీ కాదు. అదే చోట `Mono audio` అనే మీట కూడా ఉంటుంది. పరీక్ష అయ్యేదాకా దాన్ని ఆన్ చేసి ఉంచండి. ఎందుకంటే పాత స్టీరియో పాటల్లో తబలా ఒక పక్క, వయొలిన్లు ఇంకో పక్క పెట్టి మిక్స్ చేసినవి బోలెడు. అలాంటి పాట వింటూ రెండు బడ్‌లనీ పోల్చుకుంటే లేని తేడా కూడా ఉన్నట్టే అనిపిస్తుంది. మోనోలో రెండింటికీ ఒకే శబ్దం వెళ్తుంది.

ఇప్పుడు రెండు బడ్‌లనీ ఒకే చెవితో వినండి. ఎడమదాన్ని, ఆ తర్వాత కుడిదాన్ని ఒకదాని వెంట ఒకటి కుడి చెవికే ఆనించండి. రెండో వైపుది చెవిలో సరిగ్గా కూర్చోదు. సౌండు ఎంతుందో తెలియడానికి ఆ మాత్రం ఆనితే చాలు. చెవిలోంచి తీయగానే పాట ఆపేసే రకం బడ్స్ అయితే, వాటి యాప్‌లో ఆ సదుపాయాన్ని కాసేపు ఆపేయండి, లేకపోతే లోపలివైపు నల్లగా కనిపించే సెన్సర్ మీద వేలు పెట్టి ఉంచండి. ఒకే చెవితో విన్నా ఒక బడ్ నీరసంగానే ఉంటే తప్పు బడ్‌ది. రెండూ సమానంగా వినిపించి, ఎవరి చెవిలో వాటిని పెట్టుకున్నప్పుడే ఒక పక్క తగ్గితే, ఆ పక్క రబ్బరు టిప్పు వదులై ఉండొచ్చు, లేదా ఆ చెవిలోనే గులిమి పేరుకుని ఉండొచ్చు. రెండోదైతే వెళ్లాల్సింది చెవి డాక్టరు దగ్గరికి. పిన్నీసుతోనో అగ్గిపుల్లతోనో చెవిలో తవ్వుకునే అలవాటు మనకు తరాలుగా ఉంది కానీ, అది గులిమిని ఇంకా లోపలికే నెడుతుంది.

తగ్గిన సౌండు ఏ రకంగా తగ్గిందో కూడా విని పట్టుకోవచ్చు. పాట అంతా బాగానే ఉండి బేస్ మాత్రం పోయి, డబ్బా రేడియోలాగా పల్చగా వినిపిస్తే టిప్పు చెవిని సరిగ్గా మూయడం లేదని అర్థం. ఒక సైజు పెద్ద టిప్పు వేసి చూడాలి. బేస్, గొంతు, తాళాలు అన్నీ కలిసి గోడ అవతలి నుంచి వస్తున్నట్టు మందగిస్తే జాలీ పూడిందని అర్థం. సౌండు పెంచినప్పుడు చిరచిరలాడితే స్పీకరు పొర మీద తడో, వెంట్రుక ముక్కో ఏదో చేరింది, లేదా ఆ పొరే దెబ్బతింది. తడి అయితే ఒకటి రెండు రోజులు పొడిచోట ఉంచితే పోవచ్చు. మిగతా రెండిటికీ ఇంట్లో చేయగలిగింది పెద్దగా లేదు.

ఎక్కువగా కనిపించేది మధ్యదే, జాలీ పూడటం. బడ్ ముక్కు చివర, రబ్బరు టిప్పు తీస్తే కనిపించే చిన్న గుండ్రటి లోహపు జాలీ అది. దాని రంధ్రాలు వెంట్రుక మందంతో పోల్చుకోవాల్సినంత సన్నవి. గులిమి నూనె గుణం ఉన్న పదార్థం, దానితోపాటు రాలిన చర్మపు పొట్టు కలిసి ఉంటుంది. చెవి వెచ్చదనానికి అది మెత్తబడుతుంది. బడ్‌ని లోపలికి నొక్కిన ప్రతిసారీ కొంచెం కొంచెం జాలీకి అంటుకుని, బయటికి తీశాక చల్లారి గట్టిపడుతుంది. టీ వడపోత జాలీ మీద మీగడ తెట్టు కట్టినట్టే. జాలీకి చిల్లు పడలేదు, టీకీ ఏమీ కాలేదు, దిగడం మాత్రం ఆగింది. మన ఇళ్లలో తలకి కొబ్బరినూనె రాసుకుని, ఆ చేతులతోనే బడ్స్ తీసి పెట్టుకోవడం మామూలు. గులిమికి తోడు ఆ నూనె కూడా చేరితే పౌడరు, దుమ్ము అన్నీ దానికే అతుక్కుంటాయి.

టార్చి వెలుగు జాలీ మీద ఏటవాలుగా పడేలా పట్టి చూడండి. శుభ్రంగా ఉన్న జాలీ తళుక్కుమంటుంది, గళ్లు విడివిడిగా కనిపిస్తాయి. పూడిన చోట మసకబారి, పసుపో గోధుమ రంగో కలిసి, గళ్లు కనిపించవు. బాగున్న బడ్‌ని పక్కనే పెట్టుకుని పోలిస్తే ఇంకా తేలిక. కొన్ని రబ్బరు టిప్పుల లోపల కూడా వాటి సొంత జాలీ ఒకటి ఉంటుంది. అసలు బడ్ తళతళలాడుతుంటే ఆ టిప్పుని వెలుతురుకి ఎత్తి, అందులోంచి అవతలి వైపు కనిపిస్తోందో లేదో చూడాలి. టిప్పుదే తప్పయితే పని సులువు. దాన్ని విడిగా తీసి నీళ్లలో కడిగి, పూర్తిగా ఆరాక తొడిగితే చాలు.

బడ్ జాలీని శుభ్రం చేసేటప్పుడు ఒక్క నియమం మిగతావాటన్నిటికన్నా ముఖ్యం. జాలీ ఎప్పుడూ కిందికి చూస్తూ ఉండాలి. బడ్‌ని తల మీదుగా ఎత్తి పట్టుకుని, కింది నుంచి పొడి టూత్‌బ్రష్‌తో తేలిగ్గా రుద్దాలి. పసిపిల్లల కోసం అమ్మే మెత్తటి బ్రష్ అయితే మంచిది. ఊడిన పొట్టు నేల మీదే పడుతుంది, లోపలికి పోదు. చాలామంది బల్ల మీద బడ్‌ని వెల్లకిలా పెట్టి గీకుతారు. అలా చేస్తే మురికి మాయమైనట్టు కనిపిస్తుంది కానీ, అది పోయింది స్పీకరు మీదికే. బ్రష్‌తో రానిదాన్ని గోడకు బొమ్మలు అంటించే మెత్తటి బంకతో లాగవచ్చు. చిన్న ఉండ చేసి, జాలీ మీద తేలిగ్గా అద్ది, వెంటనే ఎత్తేయాలి. ప్రతిసారీ ఉండని తిప్పి శుభ్రమైన వైపు వాడాలి. నొక్కి పట్టుకుని ఉంచితే బంక ముక్క గళ్లలో ఇరుక్కుని కొత్త తంటా తెస్తుంది.

ఇంతవరకూ చేసినదానితో చాలా బడ్స్ దారికొస్తాయి. రానివాటికి తడి వైద్యం. తన ఎయిర్‌పాడ్స్‌లో కొన్ని మోడళ్ల జాలీల కోసం ఆపిల్ సంస్థే ఒక పద్ధతి చెప్పింది. మేకప్ తుడుచుకోవడానికి అమ్మే మైసెల్లార్ వాటర్‌లో మెత్తటి టూత్‌బ్రష్ ముంచి, సుమారు పదిహేను సెకన్లు జాలీ మీద గుండ్రంగా రుద్దడం, తర్వాత బోర్లించి కాగితపు రుమాలు మీద అద్దడం, ఇదంతా ఇంకో రెండుసార్లు చేయడం. ఆఖరున డిస్టిల్డ్ వాటర్‌తో అదే బ్రష్ కడిగి, జాలీని మళ్లీ రుద్ది, మందు జాడ పోగొట్టాలి. కేస్‌లో పెట్టే ముందు కనీసం రెండు గంటలు ఆరనివ్వాలి. మైసెల్లార్ వాటర్‌లోని కణాలు నూనెని చుట్టుముట్టి పట్టుకుంటాయి కాబట్టి గులిమి కరిగి బ్రష్‌కి వచ్చేస్తుంది. డిస్టిల్డ్ వాటర్ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, ఇన్వర్టర్ బ్యాటరీలో పోయడానికి తెచ్చిన డబ్బా ఉంటే చాలు. బోరు నీళ్లు మాత్రం వద్దు. కుళాయి చివర పేరుకునే తెల్లటి ఉప్పే ఆరిన తర్వాత ఈ గళ్లలోనూ మిగులుతుంది.

ఈ పద్ధతి ఫలానా మోడళ్లకి చెప్పింది. మన చేతిలో ఉన్నది పన్నెండు వందల రూపాయల బడ్ అయితే, పెట్టె మీద నీటిని తట్టుకుంటుందన్న హామీ ఏమీ లేకపోతే, బ్రష్‌ని ముంచి వాడొద్దు. తడి తగిలించి, విదిలించి, ఆ చెమ్మతోనే రుద్దాలి. బయట చెప్పుకునే చిట్కాల్లో స్పిరిట్ చుక్క వేయడం, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి నురగ రానివ్వడం కూడా ఉన్నాయి. స్పిరిట్ గులిమిని కరిగిస్తుంది, నిజమే. కరిగిన గులిమి జాలీ గుండా లోపలికి దిగుతుంది, పైగా జాలీని పట్టి ఉంచే గమ్‌ని కూడా అది వదులు చేయగలదు. కంప్యూటర్ దుమ్ము ఊదే గాలి డబ్బా ఇంకా ప్రమాదం. బడ్‌లోని స్పీకరు పొర చాలా పల్చనిది, ఆ గాలి దెబ్బకి చిరిగినా ఆశ్చర్యం లేదు. సూదితో గుచ్చితే జాలీ ఊడి లోపల పడుతుంది, ఆ తర్వాత గులిమి నేరుగా స్పీకరుకే చేరుతుంది.

జాలీ మెరిసిపోతున్నా బేస్ తక్కువగానే ఉంటే బడ్ పైభాగాన ఎక్కడో ఉండే సూది బెజ్జమంత గాలి రంధ్రాన్ని చూడాలి. స్పీకరు పొర ముందుకీ వెనక్కీ కదలాలంటే దాని వెనక గాలికి దారి కావాలి, ఆ రంధ్రం అందుకే. నూనె, దుమ్ము కలిసి అది మూసుకుపోతే పొర బిగుసుకుపోయినట్టవుతుంది. దాన్నీ పొడి బ్రష్‌తోనే తుడవాలి, లోపలికి ఏదీ దూర్చకూడదు.

ఇక అసలు పలకని బడ్. ఇక్కడ మా ఇంట్లో చూసిన ఒక ఉదంతం చెబితే దారి స్పష్టమవుతుంది. మా అన్నయ్య కూతురు ఆన్‌లైన్ క్లాసులకి వాడే బడ్స్‌లో కుడిది ఉన్నట్టుండి పలకడం మానేసింది. "షాపులో బ్యాటరీ పోయిందన్నారు బాబాయ్, కొత్త జత కొనాలట" అంది. కేస్ మూత తెరిచి చూస్తే ఎడమ బడ్ దగ్గర చిన్న లైటు వెలిగింది, కుడిదాని దగ్గర లేదు. ఫోన్‌లో కూడా ఎడమది వంద శాతం అని ఉంది, కుడిదాని అంకె అసలు లేదు. కుడి బడ్‌ని వేలితో కేస్‌లోకి గట్టిగా అదిమితే లైటు వెలిగింది. వేలు తీస్తే ఆరిపోయింది.

అంటే బ్యాటరీ ఛార్జింగు తీసుకోవడానికి సిద్ధంగానే ఉంది, కరెంటే దాకా రావడం లేదు. కేస్ అడుగున పసుపు రంగులో రెండు మూడు చిన్న పిన్నులు ఉంటాయి, వాటి కింద స్ప్రింగులు. బడ్ ఒంటి మీద వాటికి ఎదురుగా చదునైన లోహపు చుక్కలు. అయస్కాంతం బడ్‌ని లోపలికి లాగితే చుక్కలు పిన్నుల్ని నొక్కుతాయి, అప్పుడే ఛార్జింగు మొదలవుతుంది. కాగితమంత ఎడం ఉన్నా ఏమీ జరగదు. ఆ అమ్మాయి కుడి బడ్‌కి కొత్త టిప్పు వేసింది, చెవిలోంచి జారుతోందని ఒక సైజు పెద్దది. ఆ టిప్పు కేస్ గూట్లో అంచుకి తగిలి బడ్‌ని పైకెత్తి పట్టుకుంటోంది. మూత పడుతోంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. టిప్పు తీసేసి పెట్టగానే లైటు వెలిగి నిలబడింది. వేరే కంపెనీ టిప్పులు కొన్నవాళ్లు మొదటి రోజే చూసుకోవాల్సిన సంగతి ఇది, చెవికి సరిపోయాయా అన్నది ఒక్కటే కాదు, గూటికి సరిపోయాయా అన్నది కూడా.

టిప్పు తీసినా వెలగకపోతే ఏం చేసేవాళ్లమంటే, చుక్కల్నీ పిన్నుల్నీ తుడిచేవాళ్లం. నిజానికి ఆ బడ్ మీద ఒక చుక్క నల్లబడి ఉంది కూడా. చెమటలో ఉప్పు ఉంటుంది. చెమట తడితోనే బడ్‌ని కేస్‌లో వేస్తే ఆ ఉప్పునీటి గుండా కరెంటు పారి లోహాన్ని తినేస్తుంది, చుక్క నల్లగానో ఆకుపచ్చగానో మారుతుంది. ఉదయపు నడక నుంచి వచ్చి బడ్స్‌ని అలాగే డబ్బాలో పడేసేవాళ్లకి ఇది త్వరగా వస్తుంది. కేస్‌కి కేబుల్ తీసేసి, దూదిపుల్లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, పిండి, దానితో చుక్కల్నీ పిన్నుల్నీ తుడవాలి. జాలీ దగ్గర వద్దన్న స్పిరిట్ ఇక్కడ పనికొస్తుంది, ఎందుకంటే ఇక్కడ తుడుస్తున్నది పైనున్న లోహాన్ని. నలుపు మొండిగా ఉంటే పెన్సిలు రబ్బరుతో రెండు మూడుసార్లు తేలిగ్గా రుద్దవచ్చు. ఆ చుక్కల మీద బంగారు పూత చాలా పల్చగా ఉంటుంది, మెరుపు వచ్చేదాకా రుద్దితే పూతే పోతుంది. ఇసుక కాగితం ఊసే వద్దు. పిన్నుల్ని చెక్క టూత్‌పిక్‌తో ఒక్కొక్కటిగా నొక్కి వదలండి. అన్నీ ఒకే ఎత్తుకి తిరిగి లేవాలి. ఒకటి కిందే ఉండిపోతే అందులో నూనె జిగురు చేరింది. తడి దూదిపుల్లతో తుడుస్తూ నొక్కుతూ ఉంటే అది వదులవుతుంది.

ఆ అమ్మాయి బడ్ గంటసేపు ఛార్జింగయ్యాక పలికింది కానీ ఎడమదానికన్నా తక్కువగా. టార్చి పెట్టి చూస్తే జాలీ సగం పైగా మసకగా ఉంది. అంతకుముందు నుంచీ అది తగ్గుతూనే ఉన్నట్టుంది, మెల్లగా తగ్గడం వల్ల గమనించలేదు. ఈ రెండు జబ్బులూ ఒకే బడ్‌కి కలిసి రావడం ఆశ్చర్యమేమీ కాదు. చెవిని గట్టిగా మూసే పెద్ద టిప్పులూ, చెమట, నూనె, అన్నీ అక్కడే కదా. పొడి బ్రష్‌తో పని కాలేదు, బంక ఉండతో అయింది.

కొన్నాళ్లు వాడకుండా బీరువాలో పడి ఉన్న బడ్స్ కథ వేరు. ఇందులో ముందు చూడాల్సింది కేస్‌ని. కేస్ బ్యాటరీ ఖాళీ అయితే అది బడ్స్‌కి ఏమీ ఇవ్వలేదు, కాబట్టి కేబుల్ పెట్టి ముందు కేస్‌ని నింపాలి. లిథియం బ్యాటరీ అడుగంటిపోతే దానిలోని రక్షణ సర్క్యూట్ తలుపు మూసేసుకుంటుంది. ఛార్జింగు చిప్ మొదట చాలా చిన్న కరెంటుతో దాన్ని లేపడానికి చూస్తుంది, అంచేత వెంటనే లైటు రాకపోవచ్చు. కేబుల్ పెట్టి ఉంచి, నాలుగైదు గంటలు చూసి, మధ్యలో ఒకసారి బడ్ తీసి మళ్లీ పెట్టండి. అప్పటికీ చలనం లేకపోతే ఆ బ్యాటరీ పోయినట్టే.

లైటు వెలుగుతోంది, ఛార్జింగు నిండింది, అయినా శబ్దం లేదంటే రెండు బడ్‌ల మధ్య జోడీ చెదిరి ఉంటుంది. చాలా జతల్లో ఒక బడ్ ఫోన్‌తో మాట్లాడి రెండోదానికి అందిస్తుంది. వాటి మధ్య ఒప్పందం తెగితే ఫోన్ బ్లూటూత్ జాబితాలో ఒకే పేరుతో రెండు పరికరాలు కనిపించడం కూడా ఉంటుంది. జాబితాలోంచి అన్నీ తీసేసి, రెండు బడ్‌లనీ కేస్‌లో పెట్టి, రీసెట్ చేయాలి. కేస్ మీద బటన్ ఉంటే దాన్ని, లేకపోతే కంపెనీ చెప్పినట్టు బడ్‌ల మీద, పది పదిహేను సెకన్లు నొక్కి ఉంచడం మామూలు పద్ధతి. వెనక బటన్ ఉన్న ఎయిర్‌పాడ్స్ కేస్‌కి అయితే సుమారు పదిహేను సెకన్లు, లైటు నారింజ రంగులో మెరిసి తెల్లగా మారేదాకా.

ఛార్జింగు అవుతుంది కానీ ఒకటి నాలుగు గంటలు, ఇంకోటి ముప్పావుగంట వస్తే అది బ్యాటరీ వయసు. ఎప్పుడూ కుడి బడ్ ఒక్కటే పెట్టుకుని ఫోన్లు మాట్లాడేవాళ్లకి కుడిదే ముందు ముసలిదవుతుంది. ఫోన్లు ఎత్తినప్పుడల్లా చెవి మార్చుకుంటే రెండూ కలిసి పాతబడతాయి. మార్చడం అసాధ్యమేమీ కాదు. 2019 నాటి గెలాక్సీ బడ్స్‌లో 1254 అని అంకె ఉండే గుండు బిళ్ల బ్యాటరీ ఉంటుంది, ఓపిక ఉన్నవాళ్లు దాన్ని మార్చుకున్నారు. ఎయిర్‌పాడ్స్‌ని మాత్రం విప్పాక మళ్లీ మునుపటిలా మూయడం దాదాపు కుదరదు. నా అభిప్రాయం అడిగితే చవక బడ్స్‌ని చాకుతో విప్పే పని పెట్టుకోవద్దు. చాకు మొన లిథియం బ్యాటరీకి గుచ్చుకుంటే మంట పుడుతుంది, బ్యాటరీ ఖరీదూ మన సమయమూ కలిపినా కొత్తదానికి దగ్గరగా వస్తాయి. ఫెయిర్‌ఫోన్ కంపెనీ 2024లో తెచ్చిన ఫెయిర్‌బడ్స్‌లో బ్యాటరీని కొన్నవాళ్లే మార్చుకోవచ్చు. యూరోపియన్ యూనియన్‌లో 2027 ఫిబ్రవరి 18 నుంచి, కొన్ని మినహాయింపులతో, ఇలాంటి వస్తువుల బ్యాటరీలు వాడేవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలన్న నిబంధన అమల్లోకి వస్తుంది.

వారంటీ గడువులో ఉంటే మటుకు దేన్నీ విప్పకుండా, బిల్లుతో సర్వీస్ సెంటర్‌కి వెళ్లాలి. వెళ్లేముందు జాలీ శుభ్రం చేసుకుంటే మంచిది, గులిమి పూడటాన్ని వాళ్లు తయారీ లోపంగా చూడరు. కొన్ని కంపెనీలు ఒక్క బడ్‌నే విడిగా అమ్ముతాయి. సెకండ్‌హ్యాండ్‌లో ఒంటి బడ్ కొనేవాళ్లు మోడల్ నంబరు అక్షరం పొల్లు పోకుండా సరిపోల్చుకోవాలి. ఒకే పేరుతో వచ్చిన రెండు తరాల బడ్స్ ఒకదానితో ఒకటి జత కట్టవు. మోడల్ ఒకటే అయినా లోపలి సాఫ్ట్‌వేర్ వెర్షన్లు వేరైతే మొదట్లో మొరాయిస్తాయి. రెండింటినీ కేస్‌లో పెట్టి, కేస్‌ని ఛార్జింగులో ఉంచి, ఫోన్‌ని పక్కనే పెట్టి కొంతసేపు వదిలేస్తే కొత్త వెర్షన్ ఎక్కుతుంది. ఆ తర్వాతే రీసెట్ చేయాలి.